మలేరియా టీకా దేనికి గురిపెట్టాలి?

గుంటూరులో వైద్య విద్యార్థులకు పాథాలజీ ప్రాక్టికల్స్ చెప్పిన రోజుల్లో, మిరప కోతలు మొదలయ్యాక మా ల్యాబుకు అప్పుడప్పుడు మలేరియా పరాన్నజీవుల్లో అతి ప్రమాదకరమైన ఫాల్సిపారం ఉన్న మంచి స్లయిడు వచ్చేది. ఒడిశా నుంచో, మన ఏజెన్సీ నుంచో కోతలకు వచ్చిన కూలీల్లో ఒకరు చలిజ్వరంతో ఆస్పత్రిలో చేరేవారు. వేలి చివర పొడిచి తీసిన రక్తపు బొట్టును గాజు పలక మీద పలచగా పరిచి, జేఎస్‌బీ రంగు వేసి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పెడితే, లేత గులాబీ రంగు ఎర్ర కణాల మధ్య అక్కడక్కడా సన్నని నీలి ఉంగరాలు కనిపించేవి. ప్రతి ఉంగరానికీ రాయి పొదిగినట్టు ఒక ఎర్ర చుక్క ఉండేది. ఒకసారి ఒక విద్యార్థిని గంటసేపు స్లయిడంతా గాలించి, "సార్, పుస్తకంలో ఈ పురుగు కణంలో పెరిగి పెద్దదై ముక్కలవుతుందని ఉంది కదా, ఇక్కడ లేత ఉంగరాలు తప్ప పెద్దవి ఒక్కటీ లేవేం?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే మలేరియా టీకా కష్టాల్లో సగం అర్థమైనట్టే. ఫాల్సిపారం ఎర్ర కణంలోకి చొరబడిన తర్వాత దాదాపు ఒక రోజు మాత్రమే రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆపైన తాను కూర్చున్న కణం ఉపరితలం మీద చిన్న చిన్న బుడిపెలు లేపి, వాటి మీద తన సొంత ప్రొటీన్ ఒకటి నిలబెట్టి, దాని సాయంతో మెదడులోనో, మూత్రపిండంలోనో, ఇంకెక్కడో సన్నని రక్తనాళాల గోడకు అతుక్కుంటుంది. వేలి చివరి రక్తంలో పెద్దవి కనిపించకపోవడానికి కారణం అదే. అలా అతుక్కోకపోతే పాడైన కణాలను ఏరిపారేసే ప్లీహం దాన్ని పట్టేస్తుంది. అతుక్కోవాలంటే మాత్రం ఆ ప్రొటీన్‌ను కణం బయట, మన రోగనిరోధక వ్యవస్థ కళ్లెదుట, రోజంతా పెట్టక తప్పదు. ఈ ఇరకాటం నుంచి పరాన్నజీవి ఎలా తప్పించుకుందో చెప్పే ముందు, అది అక్కడిదాకా వచ్చిన దారి చూడాలి.

టీకాలు సాధారణంగా ప్రకృతి చేసే పనినే ముందుగా, ప్రమాదం లేకుండా చేస్తాయి. తట్టు ఒకసారి వచ్చి తగ్గినవారికి దాదాపుగా మళ్లీ రాదు కాబట్టి, తట్టు వైరస్‌ను బలహీనపరిచి ఇస్తే ఆ రక్షణే దొరుకుతుంది. మలేరియాకు అలాంటి నమూనా లేదు. ఏటా పలుమార్లు మలేరియా వచ్చే ప్రాంతాల్లో కూడా పిల్లలకు ప్రాణాపాయం నుంచి రక్షణ ఏర్పడటానికి కొన్నేళ్లు, జ్వరం రాకుండా ఉండటానికి మరికొన్నేళ్లు పడుతుంది. అయినా పరాన్నజీవి రక్తంలోకి రావడం పూర్తిగా ఆగదు, ఆ ఊరు వదిలి చాలాకాలం దూరంగా ఉంటే ఉన్న రక్షణ కూడా సన్నగిల్లుతుంది. అంటే ఇక్కడ టీకా ప్రకృతిని అనుకరిస్తే చాలదు, దాన్ని మించాలి. పైగా ఇది పదుల సంఖ్యలో జన్యువులున్న వైరస్ కూడా కాదు. 2002లో ఫాల్సిపారం జన్యుపటం పూర్తిగా చదివినప్పుడు 14 క్రోమోజోముల్లో సుమారు 5,300 జన్యువులు లెక్కకు వచ్చాయి. ఏ దశలో ఉన్నప్పుడు ఆ దశకు కావలసిన జన్యువులనే అది వాడుకుంటుంది కాబట్టి, ఒక దశలో దాని ఒంటి మీదుండే ప్రొటీన్లు తర్వాతి దశలో చాలావరకు ఉండవు. ఒక దశను గుర్తుపట్టేలా తయారైన యాంటీబాడీకి తర్వాతి దశ కొత్త ముఖమే.

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు చర్మంలోకి దిగే దశ పేరు స్పోరోజాయిట్. సన్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. ఒక్కో కాటుకు దిగేవి సాధారణంగా కొన్ని పదులు మాత్రమే, వంద దాటడం అరుదు. ఇవి చర్మంలో పాకుతూ రక్తనాళాన్ని వెతుక్కుని, కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో కాలేయానికి చేరతాయి. చేరినది ఒక్కొక్కటీ ఒక్కో కాలేయ కణంలో దూరి, దాదాపు వారం రోజుల పాటు ఏ అలికిడీ లేకుండా పెరిగి, ముప్పై వేలు లేదా అంతకు పైచిలుకు పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ వారమంతా మనిషికి జ్వరం ఉండదు, స్లయిడులో ఏమీ దొరకదు. ఈ పిల్లల పేరు మీరోజాయిట్లు. అవి ఎర్ర కణాల్లో చొరబడి, 48 గంటలకొకసారి కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి, మళ్లీ కొత్త కణాల్లోకి దూరతాయి. మన ఊళ్లలో 'రోజు మార్చి రోజు జ్వరం' అనేది ఈ పగులుడు లయనే.

టీకా రూపకర్తలకు మొదట అందరికీ నచ్చే చోటు ఆ మొదటి గంటే. శత్రువుల సంఖ్య కొన్ని పదులే ఉన్నప్పుడు, రోగం ఇంకా మొదలుకాకముందే ఆపేయవచ్చు. స్పోరోజాయిట్ ఒంటినిండా సీఎస్‌పీ అనే ఒకే ప్రొటీన్ దట్టంగా కప్పి ఉంటుంది, దాని మధ్యభాగంలో నాలుగు అమైనో ఆమ్లాల ముక్క ఒకటి జపమాల పూసల్లా నలభైకి కాస్త తక్కువ సార్లు వరసగా వస్తుంది. 1987లో మొదలైన ఆర్‌టీఎస్,ఎస్ టీకా తయారీలో ఆ పూసల్లో సుమారు సగం, వాటి వెనుక తోక భాగం తీసుకుని హెపటైటిస్-బి టీకాలో వాడే ప్రొటీన్‌కు అతికించారు. ఆ ప్రొటీన్‌కు తనంతట తాను వైరస్ లాంటి గుండ్రటి రేణువుగా అమరే గుణం ఉంది కాబట్టి, పూసల దండ ఆ రేణువు మీద బయటికి కనిపించేలా నిలుస్తుంది. ఆలోచన చక్కనిదే, పనిచేసింది కూడా. కానీ ఎంత పనిచేసింది అన్నది చూడాలంటే ఒక చిన్న లెక్క వేయాలి.

పెద్దమనిషి ఒంట్లో రక్తం ఐదు లీటర్లు, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు అనుకుందాం. చేయి తిరిగిన టెక్నీషియన్ స్లయిడులో పట్టాలంటే మైక్రోలీటరుకు 50 దాకా పరాన్నజీవులుండాలి. రక్తంలో ప్రతి 48 గంటలకు వాటి సంఖ్య సుమారు పది రెట్లవుతుందనుకుందాం, టీకా తెలియని ఒంట్లో ఇది అటూ ఇటూగా నిజమే. ఇప్పుడు పది స్పోరోజాయిట్లు కాలేయానికి చేరితే వారం తర్వాత మూడు లక్షల మీరోజాయిట్లు బయటికొస్తాయి. ఒక చుట్టుకు 30 లక్షలు, రెండో చుట్టుకు మూడు కోట్లు, మూడో చుట్టుకు 30 కోట్లు. అంటే మైక్రోలీటరుకు 60, స్లయిడులో దొరికే స్థాయి. ఆరు రోజులు పట్టింది. ఈసారి టీకా బ్రహ్మాండంగా పనిచేసి పదిలో తొమ్మిదింటిని ఆపేసిందనుకోండి. మిగిలిన ఒక్కటి 30 వేల మీరోజాయిట్లను వదులుతుంది, అవి 30 కోట్లు కావడానికి నాలుగు చుట్లు పడుతుంది, అంటే ఎనిమిది రోజులు. తొంభై శాతం శత్రువును చంపి టీకా ఆ మనిషికి సంపాదించి పెట్టింది రెండు రోజులు. ఈ దశలో పని జరిగితే పూర్తిగా జరగాలి, ఒక్కటి తప్పించుకున్నా జ్వరం తప్పదు.

దీనికి తోడు సమయం చిక్కు ఒకటుంది. చాలా టీకాల విషయంలో రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయినా కొంప మునగదు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో స్థిరపడటానికి వారాలు పడుతుంది, ఈలోగా జ్ఞాపక కణాలు మేల్కొని కొత్త యాంటీబాడీలు తయారుచేసుకుంటాయి. జ్ఞాపక కణాలు అలా పూర్తిగా మేల్కొనడానికి కొన్ని రోజులు కావాలి, స్పోరోజాయిట్ ఇచ్చేది గంటో రెండో గంటలు. కాబట్టి దోమ కుట్టే క్షణానికే రక్తంలో యాంటీబాడీ చాలా ఎక్కువ మోతాదులో సిద్ధంగా ఉండాలి, పైగా అది ప్రతి దోమకాటుకూ, ఏళ్ల తరబడి ఉండాలి. సహజంగా యాంటీబాడీ స్థాయి మొదటి నెలల్లో వేగంగా పడిపోతుంది. ఆఫ్రికాలోని ఏడు దేశాల్లో 15 వేల మందికి పైగా పిల్లలపై జరిగి 2015లో వెలువడిన ఆర్‌టీఎస్,ఎస్ పెద్ద పరీక్ష ఫలితాలు సరిగ్గా ఈ ఆకారంలోనే ఉన్నాయి. 5 నుంచి 17 నెలల వయసులో మొదలుపెట్టిన పిల్లల్లో మొదటి ఏడాది రక్షణ బాగానే ఉంది, నాలుగేళ్ల సగటు తీస్తే మూడు డోసులకు 28 శాతం, బూస్టర్‌తో కలిపి నాలుగు డోసులకు 36 శాతం కేసులు తగ్గాయి. మలేరియా చావులు ఎక్కువున్న చోట అది చిన్న విషయం కాదు, అందుకే 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. రెండేళ్ల తర్వాత సిఫారసైన ఆర్21 టీకా, ఆక్స్‌ఫర్డ్‌లో రూపుదిద్దుకుని పూణేలో తయారవుతున్నది, అదే పూసలను మరింత ఒత్తుగా నిలబెట్టింది. ఆర్‌టీఎస్,ఎస్ రేణువులో ఖాళీ హెపటైటిస్ ప్రొటీనే ఎక్కువ, ఆర్21లో ఆ ఖాళీ భాగాన్ని తీసేశారు. గురి మాత్రం మారలేదు.

కాలేయంలో ఉన్న ఆ వారం రోజుల్లో పట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. కణంలోపల దాగిన దాన్ని యాంటీబాడీ తాకలేదు, ఆ పని సోకిన కణాలను వెతికి చంపే టి-కణాలు చేయాలి. కాలేయ కణాలు లోపలి ప్రొటీన్ ముక్కలను బయట ప్రదర్శిస్తాయి కాబట్టి అది సూత్రప్రాయంగా సాధ్యమే. కానీ వేల కోట్ల కణాలున్న కాలేయంలో సోకినవి పది ఇరవై. వాటన్నిటినీ వారంలోపు వెతికి చంపాలంటే టి-కణాలు కాలేయంలో ముందే లక్షల్లో కాపు కాయాలి. రేడియేషన్‌తో బలహీనపరిచిన స్పోరోజాయిట్లు కాలేయంలో దూరి అక్కడే ఆగిపోయి ఇలాంటి రక్షణ ఇస్తాయని 1967లోనే ఎలుకల్లో తేలింది, తర్వాత మనుషుల్లోనూ తేలింది. ఆ దారిలో వచ్చిన టీకాను దోమల లాలాజల గ్రంథులు కోసి తీసి, ద్రవ నత్రజనిలో భద్రపరచాలి. పిల్లల టీకాలను ఐస్‌బాక్సులో భుజాన వేసుకుని వెళ్లే ఏఎన్ఎమ్మమ్మను ఒకసారి తలుచుకుంటే అందులోని ఇబ్బంది నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినదంతా దశల గొడవ. రెండోది మార్పు గొడవ. మలేరియా పరాన్నజీవి 'రూపం మార్చుకుంటుంది' అని అందరం ఒక్క మాటలో అనేస్తాం కానీ, ఆ మాట కింద రెండు వేరు వేరు సంగతులున్నాయి. వాటిని కలిపి చూడటం వల్లే చాలా గందరగోళం పుడుతుంది. ఒకటి, ఊళ్లో తిరిగే పరాన్నజీవులన్నీ ఒకేలా లేకపోవడం. రెండు, ఒకే మనిషి ఒంట్లో ఒకే పరాన్నజీవి సంతానం వేషం మార్చుకుంటూ పోవడం.

మొదటిదాన్ని చూపించడానికి పశ్చిమాఫ్రికాలో మాలి దేశపు బండియాగరాలో జరిగిన పరీక్ష కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీరోజాయిట్ ఎర్ర కణంలోకి చొరబడేటప్పుడు ఏఎంఏ1 అనే ప్రొటీన్ వాడుతుంది. దాన్ని అడ్డుకుంటే చొరబాటు ఆగుతుందని ప్రయోగశాలలో స్పష్టంగా కనిపించింది. టీకా తయారీకి ఏదో ఒక రకాన్ని ఎంచుకోవాలి కాబట్టి ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచే 3డీ7 అనే రకం నుంచి ఆ ప్రొటీన్ తీసుకున్నారు. బండియాగరాలో ఒకటి నుంచి ఆరేళ్ల వయసున్న 400 మంది పిల్లల్లో కొందరికి ఈ టీకా, మిగిలినవారికి పోలిక కోసం రేబిస్ టీకా ఇచ్చారు. టీకా పొందిన పిల్లల్లో యాంటీబాడీలు బ్రహ్మాండంగా పెరిగాయి. 2011లో ఫలితం వచ్చింది. మలేరియా జ్వరాలు తగ్గింది 17 శాతం, అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి కూడా చాలని తేడా. అక్కడితో ఆగితే టీకా విఫలమైంది అని ఫైలు మూసేయవచ్చు.

పరిశోధకులు ఆగలేదు. జ్వరం వచ్చిన ప్రతి పిల్లవాడి రక్తంలో ఉన్న పరాన్నజీవి ఏఎంఏ1 జన్యువును చదివి, టీకాలో వాడిన 3డీ7తో పోల్చారు. ఆ ప్రొటీన్‌లో ఒక మెలిక దగ్గర ఉన్న ఎనిమిది అమైనో ఆమ్లాలు టీకాతో సరిపోలిన రకాల వరకే లెక్క తీస్తే రక్షణ 64 శాతం. సరిపోలని రకాలకు టీకా ఉన్నా లేనట్టే. ఇక్కడ టీకా పనిచేయలేదనడం తప్పు. అది ఒక తాళానికి సరైన తాళంచెవి, ఆ ఊళ్లో ఉన్న తాళాలు వేరు. అంతకు ముందే అదే ఊళ్లో సేకరించిన నమూనాలను చదివితే ఏఎంఏ1లో రెండు వందలకు పైగా వేర్వేరు రూపాలు బయటపడ్డాయి. ఒక్క ఊళ్లో అన్ని! ఫ్లూ టీకాలో ఏటా మూడు నాలుగు రకాలు వేసి సరిపెట్టినట్టు ఇక్కడ సరిపెట్టడం కుదరదు.

ఇంత వైవిధ్యం నిలబడటానికి ఒక కారణం దోమ కడుపులో ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టగోడ మీద నల్లటి రేణువులున్న గుండ్రటి తిత్తులను చూశాడు. ఆ తిత్తి మగ, ఆడ బీజాలు కలిసిన తర్వాత ఏర్పడేది. దోమ రెండు రకాలు కలిసి ఉన్న రక్తం తాగితే, ఆ రెండింటి జన్యువులూ అక్కడ పేకముక్కల్లా కలిసి కొత్త కూర్పులు బయటికొస్తాయి. టీకా ఒక కూర్పును అణచినా, మిగిలినవాటికి ఖాళీ దొరుకుతుంది. సీఎస్‌పీ విషయంలో కూడా ఇది కొంత కనిపించింది. ఆర్‌టీఎస్,ఎస్ టీకాలోని తోక భాగంతో సరిగ్గా సరిపోలిన పరాన్నజీవులపై మొదటి ఏడాది రక్షణ 50 శాతం, సరిపోలనివాటిపై 33 శాతం ఉన్నట్టు 2015లో లెక్క తేలింది. ఆ పిల్లల్లో కనిపించిన పరాన్నజీవుల్లో సరిపోలినవి పదో వంతు కూడా లేవు. అయినా టీకా అంతమాత్రం నిలబడటానికి కారణం పూసల భాగం అన్ని ఫాల్సిపారం రకాల్లోనూ దాదాపు ఒకేలా ఉండటమే.

ఇప్పుడు స్లయిడులో కనిపించని పెద్ద పరాన్నజీవుల దగ్గరికి వద్దాం. అది కణం మీద నిలబెట్టే అతుకుడు ప్రొటీన్ పేరు పీఎఫ్‌ఈఎంపీ1. ఎర్ర కణానికి కేంద్రకం లేదు, లోపల ఏముందో టి-కణాలకు చూపించే ఏర్పాటూ లేదు, కాబట్టి లోపల దాక్కున్నంతసేపు పరాన్నజీవికి భయం లేదు. బయటపడేది ముఖ్యంగా ఈ ప్రొటీన్‌తోనే. దీనికి యాంటీబాడీ తయారైతే అతుకు ఊడుతుంది, ప్లీహం మిగతా పని చూసుకుంటుంది. టీకాకు ఇంతకన్నా మంచి గురి ఏముంటుంది అనిపిస్తుంది. అయితే ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులు పరాన్నజీవి దగ్గర ఒకటి కాదు, సుమారు 60 ఉన్నాయి. వాటిని 'వార్' జన్యువులంటారు. ఒక సమయంలో వాటిలో ఒక్కటే తెరుచుకుని ఉంటుంది, మిగిలిన 59 మూసి ఉంటాయి. ఒంట్లో యాంటీబాడీ తయారవడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆలోపు సంతానంలో కొన్ని, ఎవరూ చెప్పకుండానే, పాత జన్యువును మూసి ఇంకొకటి తెరుస్తాయి. యాంటీబాడీ వచ్చి పాత వేషంలో ఉన్నవాటిని తుడిచేసేసరికి కొత్త వేషంలో ఉన్నవి పెరిగి ఉంటాయి. మందు వాడని రోగిలో పరాన్నజీవుల సంఖ్య అలల్లా లేచి పడటం వెనుక ఉన్నది ఇదే.

సరే, ఆ అరవై వేషాలకూ కలిపి టీకా చేయకూడదా? చేయవచ్చు, ఆ అరవై అందరికీ ఒకటే అయితే. కానీ ఒక పరాన్నజీవి దగ్గరున్న అరవైకీ పక్క పరాన్నజీవి దగ్గరున్న అరవైకీ పోలిక చాలా తక్కువ. మొత్తం లోకంలో ఎన్ని వేషాలున్నాయో లెక్కించడం ఊళ్లో ఉన్న ముగ్గులన్నీ లెక్కించడం లాంటిది, రేపు తెల్లవారితే మరికొన్ని ఉంటాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. గర్భిణి మాయలో అతుక్కోవాలంటే పరాన్నజీవి వీఏఆర్2సీఎస్ఏ అనే ఒక ప్రత్యేకమైన వేషం వేయాలి. ఇతర వేషాలతో ఎన్నోసార్లు పరిచయమున్న పెద్దవయసు స్త్రీ కూడా మొదటి కాన్పులో ఈ వేషానికి కొత్తే, అందుకే మొదటి గర్భంలో మలేరియా తీవ్రంగా ఉండి తర్వాతి కాన్పుల్లో తగ్గుతుంది. అక్కడ అతుక్కునే చోటు ఒకటే కాబట్టి ఆ ప్రొటీన్ మరీ ఎక్కువ మారలేదు. దాని మీద ఆధారపడ్డ టీకాలు మనుషుల్లో తొలిదశ పరీక్షల వరకు వచ్చాయి, రకాల మధ్య తేడా అక్కడా పూర్తిగా వదల్లేదు.

మారని ప్రొటీన్ అసలే లేదా అంటే, ఉంది. మీరోజాయిట్ ఎర్ర కణాన్ని పట్టుకునే చివరి ఘడియలో ఆర్‌హెచ్5 అనే ప్రొటీన్‌ను బయటికి వదిలి, కణం మీదున్న బేసిజిన్ అనే దానితో జత కలుపుతుంది. 2011లో ఈ జత బయటపడింది. పరాన్నజీవికి చొరబడే దారులు చాలా ఉన్నా, ఈ ఒక్క జత లేకుండా ఏ ఫాల్సిపారమూ లోపలికి పోలేదు. ప్రపంచమంతా తిరిగే రకాల్లో ఇది చాలా తక్కువగా మారుతుంది. ఎందుకు మారలేదో గమనిస్తే మాత్రం ఉత్సాహం కాస్త తగ్గుతుంది. పదేపదే మలేరియా వచ్చినవారి రక్తంలో కూడా ఆర్‌హెచ్5 మీద యాంటీబాడీలు తక్కువే ఉంటాయి. అంటే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పెద్దగా చూడదు, చూడదు కాబట్టే మారవలసిన ఒత్తిడి దాని మీద పడలేదు. చూడకపోవడానికి కారణం అది బయట ఉండేది కొన్ని సెకన్లే కావడం. మీరోజాయిట్ ఒక కణాన్ని వదిలి ఇంకో కణంలో దూరడం మొత్తం ఒకటి రెండు నిమిషాల పని. ఆ కొన్ని సెకన్లలో యాంటీబాడీ వచ్చి తగులుకోవాలంటే రక్తంలో అది అసాధారణమైన మోతాదులో ఉండాలి. నా దృష్టిలో మలేరియా టీకా సమస్య ముడి ఇక్కడే ఉంది: పరాన్నజీవి ఎక్కువసేపు బయట పెట్టే ప్రొటీన్లు రకరకాలుగా మారినవి, మారకుండా ఉన్నవి మన కంటికి క్షణం మాత్రమే చిక్కేవి. అయినా ఈ దారి మూసుకుపోలేదు. బుర్కినా ఫాసోలో 5 నుంచి 17 నెలల పిల్లలపై జరిగిన ఆర్‌హెచ్5 టీకా పరీక్షలో, మూడో డోసును కొన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చినవారిలో ఆరు నెలల పాటు 55 శాతం రక్షణ కనిపించినట్టు 2024 చివర్లో ప్రచురించారు. రక్తదశ టీకాకు అది చిన్న అంకె కాదు.

ఇదే తర్కానికి దోమ కడుపులో ఇంకో ఉదాహరణ ఉంది. పీఎఫ్‌ఎస్25 అనే ప్రొటీన్ మనిషి ఒంట్లో కనిపించదు, బీజాలు కలిసిన తర్వాత దోమ పొట్టలో మాత్రమే తయారవుతుంది. మనిషి యాంటీబాడీల పోటు దానికి తగలదు కాబట్టి అది పెద్దగా మారలేదు. టీకా పొందిన మనిషి రక్తంతో పాటు యాంటీబాడీలను కూడా దోమ తాగితే, అవి ఆ పొట్టలో పరాన్నజీవిని అక్కడే ఆపుతాయి. కానీ అలాంటి టీకా వేయించుకున్న పిల్లవాడికి మాత్రం జ్వరం రాక తప్పదు, లాభం పొరుగింటివారికి. తన బిడ్డకు సూది ఎందుకు పొడుస్తున్నారని తల్లి అడిగితే ఏం చెబుతారు?

విజయవాడ, గుంటూరు వైపు వాళ్లం ఇక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. పైన చెప్పినదంతా ఫాల్సిపారం గురించి. మేడల మీది మూతలేని నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెట్టే స్టీఫెన్సై దోమ మన పట్టణాల్లో మోసేది ఎక్కువగా వైవాక్స్ అనే మరో రకం మలేరియా పరాన్నజీవిని. దాని స్పోరోజాయిట్ల మీది పూసలే వేరు, కాబట్టి ఆర్‌టీఎస్,ఎస్ గానీ ఆర్21 గానీ దాన్ని గుర్తుపట్టవు. పైగా దానికి ఇంకో దశ అదనం. కాలేయానికి చేరినవాటిలో కొన్ని పెరగకుండా నిద్రపోతాయి, నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక, దోమ కుట్టకుండానే లేచి జ్వరం తెస్తాయి. వైవాక్స్ వచ్చినవారికి జ్వరం తగ్గాక కూడా 14 రోజులు ప్రైమాక్విన్ మింగమని చెప్పేది ఈ నిద్రపోయేవాటి కోసమే. ఫాల్సిపారాన్ని ల్యాబులో ఏళ్ల తరబడి రక్తంలో పెంచగలుగుతున్నాం, వైవాక్స్‌ను అలా పెంచలేకపోతున్నాం, అందుకే దాని టీకా పని చాలా వెనకబడి ఉంది.

ఇక ఒక్క గురి చాలదు కాబట్టి రెండు దశలకు కలిపి ఇవ్వాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. సీఎస్‌పీ మీద ఆర్21, దాన్ని తప్పించుకున్నవాటికి రక్తంలో ఆర్‌హెచ్5 అన్న జోడింపు మీద పరీక్షలు నడుస్తున్నాయి. ఇలాంటి జోడింపులో ఏ సగం ఎంత పనిచేసిందో తేల్చే పద్ధతి ఒకటుంది, నాకు అది చాలా ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న స్వచ్ఛంద వాలంటీర్లను, ల్యాబులో పెంచిన, పరాన్నజీవి ఉన్న ఐదు దోమలతో కుట్టిస్తారు. వారం తర్వాత నుంచి తరచూ రక్తం తీసి, స్లయిడుకు దొరికే స్థాయి కన్నా ఎంతో తక్కువలోనే పరాన్నజీవి జన్యుపదార్థాన్ని పీసీఆర్‌తో కొలుస్తారు. నిర్ణీత స్థాయి దాటగానే మందు ఇచ్చేస్తారు. ఆ కొలతలను గ్రాఫు కాగితం మీద, నిలువు గీత పది రెట్ల చొప్పున ఎక్కేలా గీస్తే, టీకా పొందనివారి గీత 48 గంటలకొక మెట్టు చొప్పున పైకి పోతుంది. టీకా స్పోరోజాయిట్ల దగ్గర పనిచేసి ఉంటే గీత వాలు మారదు, కుడివైపుకు జరిగి ఆలస్యంగా మొదలవుతుంది. మనం వేసిన లెక్కలో పదిలో తొమ్మిది చస్తే జరిగేది సరిగ్గా రెండు రోజులు. రక్తదశలో పనిచేసి ఉంటే గీత వేళకే మొదలై, ప్రతి మెట్టూ పదికి బదులు ఏడో ఎనిమిదో రెట్లతో పడుకున్నట్టు ఎక్కుతుంది. ఆలస్యంగా మొదలై, వాలు కూడా తగ్గిన గీత ఒకే మనిషిలో కనిపిస్తే రెండు సగాలూ పనిచేస్తున్నట్టు లెక్క.